మీ పని ఎవరి చేతికి వెళ్తుందో వాళ్ళని అడగండి

ప్రశ్న: "మేనేజర్‌ని, తోటి ఉద్యోగుల్ని ఫీడ్‌బ్యాక్ అడిగితే 'బాగానే చేస్తున్నావు' అని వదిలేస్తున్నారు. పనికొచ్చే జవాబు రావాలంటే ఏమని అడగాలి?"

"నా పని ఎట్లా ఉంది?" అని అడగడం మానేయండి. ఎదురుగా నిలబడి అడిగితే బాగాలేదని ఎవరూ అనలేరు. పైగా ఏడాది పనంతా ఒక్క మాటలో తేల్చమంటే వాళ్ళకు మాత్రం ఏం తోస్తుంది? ఈ వారం మీరు చేసిన ఒక్క పని పట్టుకుని, దాంతో వాళ్ళకు ఎక్కడ ఇబ్బంది అయిందో అడగండి.

నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో షిఫ్ట్ కెమిస్టుని. సున్నపురాయి పొడిని కిల్న్ అనే పెద్ద బట్టీలో కాలిస్తే క్లింకర్ అనే గడ్డలు వస్తాయి, వాటిని మిల్లులో నలగ్గొడితేనే సిమెంట్. ఆ గడ్డలు చల్లారే కూలర్ దగ్గర శాంపిల్ తీసి, పొడి చేసి, గ్లైకాల్‌లో వేడి చేసి, వడగట్టి, యాసిడ్‌తో టైట్రేషన్ చేస్తే ఫ్రీ లైమ్, అంటే మిగతావాటితో కలవకుండా మిగిలిపోయిన సున్నం, ఎంత శాతముందో తెలుస్తుంది. ఆ అంకెను కంట్రోల్ రూముకి ఫోన్‌లో చెప్తాం. దాన్ని చూసే ఆపరేటర్ కిల్న్‌కి బొగ్గు పెంచాలా తగ్గించాలా అని నిర్ణయిస్తాడు. అంటే నా పని మంచిచెడ్డలు మా ల్యాబ్ హెడ్ కంటే ముందు ఆయనకే తెలుస్తాయి. కానీ మార్చిలో అప్రైజల్ ఫారం నింపేటప్పుడు ఆయన్ని అడిగేవాళ్ళు ఒక్కరూ ఉండరు. 'కమ్యూనికేషన్: గుడ్' అని ఒక టిక్కు పడుతుంది, అంతే. ఆ టిక్కుతో మనం రేపు పొద్దున ఏం మార్చుకోవాలి?

ఒక రాత్రి సి షిఫ్ట్‌లో టీ తాగుతూ ఆయన్ని అడిగినాను: "అన్నా, ఈ వారం నేను రిజల్ట్ చెప్పి ఫోన్ పెట్టేసినాక నువ్వు మళ్ళీ ఎవరినైనా ఏమైనా అడగాల్సి వచ్చిందా?"

మాట తక్కువ మనిషి. అయినా వెంటనే అందుకున్నాడు. "నువ్వు 2.1 అని చెప్తావు అబ్బీ, అది ఎన్ని గంటల శాంపిలో చెప్పవు. నేను అప్పటికే బొగ్గు పెంచుంటా. ఇది పెంచకముందుదో, పెంచినాక వచ్చిందో తెలీదు. ఎందుకైనా మంచిదని ఇంకొంచెం పెంచుతా. తర్వాతి శాంపిల్ 0.5కి పడిపోతాది."

కూలర్ బయట తీసిన క్లింకర్ అంతకు ముందెప్పుడో కాలింది. పరీక్షకు ఇంకొంత సమయం పడుతుంది. ఫోన్‌లో చెప్పేసరికి అది పాత కబురే. ఫ్రీ లైమ్ ఎక్కువుంటే సరిగ్గా కాలలేదని అర్థం కాబట్టి బొగ్గు పెంచడం సరైనదే. ఒకే లోపానికి రెండుసార్లు పెంచితేనే అతిగా కాలుతుంది. బొగ్గు దండగ, క్లింకర్ గట్టిపడి మిల్లులో సులభంగా నలగదు. అంకె చెప్పి ఫోన్ పెట్టేయడం మా ల్యాబ్‌లో అందరికీ ఉన్న అలవాటు. ఆ రోజు నుంచి "రెండు గంటల శాంపిల్, 2.1" అని చెప్పడం మొదలుపెట్టినాను.

రెండు వారాల తర్వాత మళ్ళీ అడిగినాను. "టైం చెప్తున్నా కదన్నా, ఇంకా ఏమైనా తక్కువవుతోందా?" ఈసారి ఇంకా మంచి మాట వచ్చింది. "లీటర్ వెయిట్ నీకు ముందే తెలుస్తాది కదా. ఫ్రీ లైమ్ దాకా ఆగొద్దు, అది ముందు చెప్పు." లీటర్ వెయిట్ అంటే ఒక లీటరు క్లింకర్ బరువు, ఎంత కాలిందో దాన్నిబట్టి అంచనా వస్తుంది. మొదటిసారి చెప్పింది నేను పాటించకపోయుంటే ఈ మాట ఆయన నోటి నుంచి వచ్చేదే కాదు.

మేనేజర్‌కి వేరే ప్రశ్న వేయాలి. ఆయన షిఫ్ట్ చూడడు, రిపోర్టు చూస్తాడు. "సార్, నిన్నటి రిపోర్టులో మీరు వెతుక్కోవాల్సి వచ్చింది ఏదైనా ఉందా?" అని అడగండి. మీటింగులో పదిమంది ముందు వద్దు. "రేపు అయిదు నిమిషాలు దీని గురించి అడుగుతాను సార్" అని ముందురోజే చెప్పి పెట్టుకోండి, ఆలోచించుకుని వస్తారు.

అయినా కొందరు "ఇంకొంచెం యాక్టివ్‌గా ఉండు" అంటారు. దాన్ని అట్లా వదలొద్దు. "ఏ రోజు, ఏ పనిలో అట్లా అనిపించింది సార్?" అని మెల్లగా అడగండి. మా సార్‌ని అడిగితే తేలిందేమంటే, ఒక రాత్రి కిల్న్ ఆగిన సంగతి ఆయనకు పొద్దున మీటింగులో వేరేవాళ్ళ నోట తెలిసిందట. ల్యాబ్ వాళ్ళు అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఎక్కడా రాసి లేదు. 'యాక్టివ్' అంటే ఆయన లెక్కలో ఆ ఒక్క ఫోన్ కాల్! ఆ వారమే కిల్న్ ఆగితే ఎవరెవరికి చెప్పాలో రాసి ల్యాబ్ గోడకు అంటించినాము.

వాళ్ళు చెప్పేటప్పుడు "అది ఎందుకంటే సార్" అని మొదలుపెట్టొద్దు. ఒక్కసారి సంజాయిషీ విన్నవాళ్ళు రెండోసారి "బాగానే ఉంది" అనేస్తారు. వాళ్ళ మాటల్లోనే రాసుకుని వచ్చేయండి. తోటివాళ్ళని రెండు వారాలకోసారి, మేనేజర్‌ని నెలకోసారి అడిగితే చాలు. అంతకంటే ఎక్కువైతే మెప్పు కోసం తిరుగుతున్నాడనుకుంటారు.