తాతయ్య కల గురించి పెద్దమ్మ రాస్తున్నది

చిన్నీ,

తాతయ్య మూడుసార్లు కలలోకి వచ్చి దీక్ష తీసుకోమన్నారని, వచ్చే నెల ఉద్యోగం మానేస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు. ఈ వయసులో నీకు దేవుడి మీద అంత గురి కుదిరినందుకు గర్వంగానే ఉంది నాన్నా, కానీ రాజీనామా మాత్రం ఇది చదివేదాకా ఇవ్వకు.

కల వచ్చిన వెంటనే తారీఖు వేసి రాసి పెట్టుకో. అందరికీ చెప్పకు, చెప్పిన ప్రతిసారీ కలకి కొత్త ముక్క ఒకటి అతుక్కుంటుంది.

ఇక నా సంగతి. తాతయ్య కాలికి పుండు పడి ముదిరినప్పుడు, ఈ వారంలోనే ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పారు. అప్పటికి నాలుగు రోజులుగా నేను ఉపవాసం, రాత్రికి రెండు గంటలు కూడా నిద్ర లేదు. ఐదో రోజు తెల్లవారుజామున కలొచ్చింది. నాన్న తెల్ల పంచె కట్టుకుని, రెండు కాళ్ల మీదా నిటారుగా నడుచుకుంటూ నా వైపు వస్తున్నారు, పాదాల తడి గచ్చు మీద అచ్చులు పడుతోంది. ఆ తడి అచ్చులు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. తెల్లవారుజాము కల నిజమవుతుందని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని కదా, కోత అక్కర్లేదని పట్టుబట్టాను. పెద్దకూతురి మాట అని మీ అమ్మా ఎదురు చెప్పలేదు. పది రోజులు ఆగాం. పాదంతో పోవలసింది మోకాలి కింద దాకా పోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

తర్వాత చాలా ఏళ్లకి చరక సంహితలో ఇంద్రియస్థానం ఐదో అధ్యాయం చదివాను. కలలు ఏడు రకాలట. చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించుకున్నది, ఈ ఐదింటికీ ఫలం లేదని తేల్చేశాడు. ఒంట్లో వాతపిత్తకఫాలు చెడితే వచ్చేది దోషజం, రాబోయేది చూపేది భావికం. పగటి కల, మరీ చిన్న కల, మరీ సాగిన కల లెక్కలోకి రావు. తొలి రాత్రి కలకి ఫలం స్వల్పం, చూశాక మళ్లీ నిద్రపోకపోతేనే గొప్ప ఫలం. నేనేమో ఆ కల తర్వాత ఎండెక్కేదాకా పడుకున్నాను! నాది కోరుకున్న కల, అంటే ప్రార్థితం. కడుపు మాడ్చుకుని నిద్ర చంపుకున్న ఒళ్లు దానికి తోడైంది. నాకు తెలిసింది తెల్లవారుజాము అన్న ఒక్క గుర్తే, దాన్నే పట్టుకుని వేలాడాను.

ఇది మన శాస్త్రంలోనే ఉందనుకోకు. ముస్లింల హదీసుల్లో కలలు మూడు రకాలు: అల్లాహ్ నుంచి వచ్చే శుభవార్త, షైతాన్ పెట్టే బెంగ, మనిషి మనసు తనతో తాను చెప్పుకునే మాట. మంచి కలని కూడా ప్రేమించేవాళ్లకే చెప్పమన్నారు. ప్రవక్తల కలలు వేరు, మామూలు మనిషి కల ఎంత మంచిదైనా ధర్మశాస్త్రాన్ని మార్చలేదని వాళ్ల పండితులు అంటారు. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం ఇంకా గట్టిగా చెబుతుంది. కలలు కనేవాడు చెప్పిన సూచన నిజంగా జరిగినా సరే, వేరే దేవుళ్ల వైపు పిలిస్తే వాడి మాట వినొద్దంటుంది. అంటే కల నిజమైందా అన్నది ఒక్కటే చాలదు, అది నిన్నేం చేయమంటోందో కూడా చూడాలి.

నీ కలనే తీసుకో. మూడుసార్లు వచ్చిందని దాన్ని దైవాజ్ఞ అనుకుంటున్నావు, కానీ రోజూ తలుచుకునేది రోజూ కలలోకి వస్తుంది. ఆ నెలలో దీక్ష గురించి ఎన్ని ప్రవచనాలు విన్నావు? అది శ్రుతం. ఆఫీసులో టెన్షన్ ఎక్కువై మానేద్దామని ముందే అనుకున్నావా? అది ప్రార్థితం. నిద్ర ఎన్ని గంటలు? ఇవన్నీ నిజంగా కాదని తేలితే, అప్పుడు నీ గురువుగారి దగ్గర కూర్చుని అడుగు. నువ్వు తీర్చాల్సిన అప్పు, మీ అమ్మ మందులు ఆయనకి దాచకుండా చెప్పి మరీ అడుగు. ఆయన సరే అంటే నేనే వచ్చి దగ్గరుండి సాగనంపుతాను, ఏడవను.

కోప్పడ్డాననుకోకు బంగారం. నీకు ఊహ తెలిసేసరికే తాతయ్య చంకలో కర్రతో ఉన్నారు, గోడ మీద ఫొటోలో మాత్రం రెండు కాళ్ల మీద నిలబడి ఉంటారు. కలలో ఆయన నీకు ఎలా కనిపించారు? కర్రతోనా, ఫొటోలోలాగానా? అది ముందు రాసి పంపు.

మీ పెద్దమ్మ