స్వరాలు వేరైనా బాణీ అదే కావచ్చు: యువ స్వరకర్తకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన బాణీ విన్నాను. "ఎక్కడో విన్నట్టే ఉంది, ఎక్కడో గుర్తు రావడం లేదు. శ్రుతి మార్చాను, వేగం తగ్గించాను, అయినా అనుమానం పోవడం లేదు" అని రాశావు. నీ అనుమానం నిజమే. పల్లవి మొదటి వరుస ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్. నవ్వకు, స్వరాలు పెట్టి చూపిస్తాను. అది 18వ శతాబ్దపు ఫ్రెంచి బాణీ, దాని మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు కాబట్టి నీకొచ్చే ఇబ్బందేమీ లేదు. కానీ పోలిక దొరికిపోయే దారి మాత్రం ఏ పాటకైనా ఇదే.

తాళం దెబ్బకు మూడు మాత్రల చొప్పున నీ వరుస ఇలా నడుస్తోంది:

ప , ద | ప , స | రి , గ | రి , రి | గ , మ | గ , గ | రి , ,

మొదటి ప ద ప మధ్యస్థాయివి, స నుంచి అన్నీ పైస్థాయివి. అన్నీ శంకరాభరణం స్వరాలే. ఆ పిల్లల పాట స స ప ప ద ద ప అని మొదలవుతుంది. రెండూ పక్కపక్కన పెడితే పోలికే కనబడదు. నువ్వు మోసపోయింది అక్కడే, స్వరాల పేర్లు చూసి పోల్చావు. చెవికి పేర్లతో పనిలేదు. ఒక స్వరం నుంచి తర్వాతి దానికి ఎంత ఎక్కామో, ఎంత దిగామో అదే దానికి కావాలి. శ్రుతి మార్చితే అంతరాలు మారవు, అందుకే అనుమానం నిన్ను వదల్లేదు.

అంతరాలు లెక్కపెట్టడానికి హార్మోనియం చాలు. తెలుపు, నలుపు మెట్లన్నీ కలిపి స్థాయికి 12. పిల్లల పాటలో స నుంచి స కి సున్న, స నుంచి ప కి 7 మెట్లు పైకి, మళ్లీ సున్న, ప నుంచి ద కి 2 పైకి, సున్న, 2 కిందికి. అంటే 0, +7, 0, +2, 0, -2. నీ వరుసలో స్వరాలన్నీ వరసగా లెక్కపెడితే +2, -2, +5, +2, +2, -2, 0, +2, +1, -1, 0, -2 వస్తుంది. ఇక్కడికీ రెండింటికీ పొత్తు కుదరదు. చాలామంది ఇక్కడే ఆగి, అమ్మయ్య అనుకుంటారు.

ఇప్పుడు ప్రతి దెబ్బ మీద పడే స్వరాన్ని మాత్రమే ఉంచి మిగతావి కొట్టెయ్. ప ప రి రి గ గ రి. మధ్యస్థాయి ప నుంచి పై రి కి 7 మెట్లు, రి నుంచి గ కి 2. లెక్క 0, +7, 0, +2, 0, -2. అచ్చంగా అదే. నువ్వు ప ని ఆధారం చేసుకుని ఆ బాణీనే ఎత్తుకున్నావు, మధ్యలో ద, స, గ, మ లాంటి చిన్న స్వరాలు అల్లావు. వినేవాడి చెవి ఆ అల్లికను జారవిడిచి దెబ్బ మీది స్వరాలనే పట్టుకుంటుంది. పైగా నువ్వు వాటినే రెండేసి మాత్రలు సాగదీశావు. దెబ్బా అక్కడే, సాగదీతా అక్కడే అయితే ఇక దాచేదేముంటుంది?

అందుకే బాణీని మూడుసార్లు రాసుకోమంటాను: స్వరాలన్నిటి అంతరాలతో ఒకసారి, దెబ్బ మీది స్వరాలతో ఒకసారి, స్వరాలు వదిలేసి మాత్రలు మాత్రమే ఒకసారి. మూడోదాన్ని చప్పట్లతో కొట్టి ఎదుటివాళ్లకు వినిపించు. లయ వినగానే పాట పేరు చెప్పేస్తే, అంతరాలు కొంచెం అటూ ఇటూ అయినా నువ్వు చిక్కుల్లో ఉన్నట్టే. లయకు అంత బలం ఉంది. పైస్థాయి స నుంచి కిందికి స ని ద ప మ గ రి స అని దిగితే అది ఉత్త అవరోహణ, ఎవరి సొత్తూ కాదు. అవే ఎనిమిది స్వరాలను జాయ్ టు ద వరల్డ్ అనే క్రిస్మస్ పాట నడకలో పాడితే మాత్రం క్షణంలో గుర్తుపడతారు.

దీనికి తిరగేసిన మాట కూడా చెప్పాలి, లేకపోతే భయంతో ఒక్క వరుసా రాయలేవు. నాలుగైదు స్వరాలు మెట్టు మెట్టుగా ఎక్కి దిగడం వేల పాటల్లో ఉంటుంది. రాగం కలిసినంత మాత్రాన కాపీ కాదు. నేను చూసేది పెద్ద గెంతు ఎక్కడుంది, ఆ గెంతు దెబ్బ మీద పడిందా, అదే ముక్క అదే వరసలో మళ్లీ మళ్లీ వస్తోందా అని. 1976లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు బీటిల్స్ బృందంలో ఒకడైన జార్జ్ హారిసన్ కేసులో బరువిచ్చింది ఇలాంటి పునరావృతికే. 1970లో అతను చేసిన మై స్వీట్ లార్డ్ పాట బాణీ, అంతకు ముందే హిట్టయిన హీ ఈజ్ సో ఫైన్ బాణీతో కలిసిందని ఆరోపణ. మొదటి ముక్క ప గ రి, రెండోది ప ద స ద స. విడివిడిగా చూస్తే రెండూ మామూలువే. కానీ మొదటిది నాలుగుసార్లు, ఆ తర్వాత రెండోది మళ్లీ మళ్లీ, రెండు పాటల్లోనూ ఇదే కూర్పు. రెండో ముక్కలో ఒకచోట పడే చిన్న అలంకార స్వరం దగ్గర కూడా కలిసింది. హారిసన్ కావాలని చేశాడని జడ్జి అనలేదు, తెలియకుండానే మనసులోంచి వచ్చిందన్నాడు. అయినా ఉల్లంఘన ఉల్లంఘనే అని తీర్పిచ్చాడు.

ఇక నీ వరుసకు మరమ్మతు. స్వరాలు మార్చాలని తొందరపడకు. మొదటి ప ని దెబ్బకు ముందు ఒక్క మాత్రలో ఎత్తుకుని, అవే స్వరాలను అదే క్రమంలో ఇలా పాడు:

, , ప | ద , ప | స , రి | గ , రి | రి , గ | మ , గ | గ , రి

ఒక్క స్వరమూ మారలేదు. కానీ దెబ్బ మీద నిలబడేవి ఇప్పుడు ద స గ రి మ గ. అంతరాలు +3, +4, -2, +3, -1. ఏడు మెట్ల గెంతు లేదు, జంట స్వరాలూ లేవు. ఇక్కడ ఒక జాగ్రత్త: పాతదాన్ని ఉన్నదున్నట్టు ఒక మాత్ర జరిపితే చాలదు. అప్పుడు సాగే స్వరాలు మళ్లీ ప ప రి రి గ గ రి గానే మిగులుతాయి, చెవి వాటిని పట్టుకుంటుంది. దెబ్బా సాగదీతా రెండూ కలిసి కొత్త స్వరాల మీదికి వెళ్లాలి. చివరి రి ఇప్పుడు పొట్టిది కాబట్టి పల్లవి అక్కడ ఆగదు, రెండో వరుసలోకి దొర్లుతుంది. నాకదే బాగుందనిపించింది, నీకు నచ్చకపోతే ముగింపు వేరే చూసుకో.

మార్చిన వరుసను కూడా మళ్లీ అదే పరీక్షకు పెట్టు, ఒక పాట నుంచి తప్పించబోయి ఇంకోదాని మీద పడటం మామూలే. ఎక్కుడు, దిగుడు, అదే స్వరం అని మూడు గుర్తులతో బాణీలను వెతికే పద్ధతి ఒకటుంది. డెనిస్ పార్సన్స్ 1975లో వేసిన బాణీల సూచిక దాని మీదే నడుస్తుంది. జల్లెడగా పనికొస్తుంది కానీ రెండు మెట్లు ఎక్కినా ఏడు ఎక్కినా దానికి ఒకటే, లయ అసలే పట్టదు. అందులో దొరికిన పాటలను నువ్వే కూర్చుని అంతరాలు వేసి పోల్చుకోవాలి.

రెండో వరుస రాశాక మాటలు లేకుండా, తాళం మాత్రం వేసి, త న న అని పాడి పంపు. సాహిత్యం ఉంటే నా చెవి దాని వెంట పడుతుంది. పంపేముందు నీ ఇంట్లోవాళ్లకు కూడా అలాగే వినిపించు. "బాగుందా" అని అడగొద్దు, "తర్వాత ఏం వస్తుందో పాడు" అని అడుగు. ఎవరైనా తడుముకోకుండా అందుకుని పాడేస్తే, వాళ్లు పాడిన ముక్కను రాసుకో. ఏ పాటతో పోల్చుకోవాలో అందులోనే దొరుకుతుంది.

ఇట్లు,
మీ అన్నయ్య