నాన్నగారి స్టెంట్, మూడేళ్ల వెయిటింగ్

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నకి 66. మూడేళ్ల కింద స్టెంట్ వేశారు, షుగర్ ఉంది. అమ్మకి 61, మోకాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ లేదు. కంపెనీ గ్రూప్ పాలసీలో ఇద్దరికీ కలిపి 5 లక్షల కవర్‌కి ఏడాదికి 38,000 జీతంలో పట్టుకుంటారట, బిల్లులో 20 శాతం మేమే కట్టుకునే కో-పే ఉంది. బయట ఇద్దరికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ అడిగితే 92,000 అన్నారు. ఏది తీసుకోమంటారు? హెచ్‌ఆర్ గడువు పది రోజులే ఉంది.

జవాబు: ముందు కంపెనీ ఫారం నింపేయండి. గడువు దాటితే మామూలుగా మళ్లీ రెన్యువల్ దాకా తల్లిదండ్రులను చేర్చనివ్వరు. నేను తొందర పెట్టేది నాన్నగారి స్టెంట్ వల్లే. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. మీదాంట్లో ఉందో లేదో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. బయటి పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. 2024కి ముందు ఇది నాలుగేళ్లు ఉండేది. అంటే 92,000 కట్టాక కూడా వచ్చే ఏడాది గుండె సమస్యతో చేరితే ఆ పాలసీ నుంచి రూపాయి రాకపోవచ్చు.

అలాగని 38,000 చౌక అనుకోకండి. అమ్మగారికి మోకాలి మార్పిడి జరిగి 3,20,000 బిల్లు అయిందనుకుందాం. చాలా గ్రూప్ పాలసీల్లో గది అద్దానికి రోజుకు కవర్‌లో 1 శాతం, అంటే మీకు 5,000 పరిమితి ఉంటుంది. మీరు 8,000 గది తీసుకుని నాలుగు రోజులున్నారు. గది బిల్లు 32,000లో 20,000 ఇస్తారు. అక్కడితో ఆగదు. సర్జన్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000 అయితే, దానికీ అదే ఎనిమిదిలో ఐదు వంతుల లెక్క వేసి 1,00,000 ఇస్తారు. ఇంప్లాంట్, మందులు, పరీక్షల 1,28,000కు ఈ కోత ఉండదు. మొత్తం 2,48,000. అందులో 20 శాతం కో-పే పోతే చేతికొచ్చేది 1,98,400. మిగతా 1,21,600 మీ జేబులోంచే. ఇందులో సగానికి పైగా గది ఎంపిక వల్ల పోయిందే. అడ్మిషన్ కౌంటర్ దగ్గర హడావిడిలో ఎవరూ ఇది అడగరు, మీరు అడగండి.

ఇంకో చిక్కు, ఈ కవర్ మీ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం మారినా, ఖర్చు పెరిగిందని కంపెనీ తల్లిదండ్రుల కవర్ ఎత్తేసినా, 70 ఏళ్ల నాన్నగారితో మీరు మొదటి నుంచి మొదలుపెట్టాలి. అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంటుంది గానీ, ఆరోగ్యం చూసి ప్రీమియం పెంచడమో, కాదనడమో జరగొచ్చు. అందుకని బయటి పాలసీ కూడా ఉండాలి, దాని వెయిటింగ్ గడియారం ఇప్పుడే నడవడం మొదలవ్వాలి.

ఆ ఫ్లోటర్ మాత్రం వద్దు. ఫ్లోటర్‌లో ప్రీమియం పెద్దవారి వయసును బట్టి కడతారు, దాంతో నాన్నగారి భారం అమ్మగారి మీద కూడా పడుతుంది. ఇద్దరికీ విడివిడిగా 5 లక్షలకు కొటేషన్లు తీసుకోండి. అమ్మగారికి ఏడాదికి 30,000 అన్నారనుకోండి, కంపెనీ 38,000తో కలిపి 68,000. మీరు అనుకున్న 92,000 కంటే తక్కువే. ఆమె మోకాళ్ల నొప్పి ఫారంలో రాయాల్సిందే. కీళ్ల మార్పిడికీ రెండు మూడేళ్ల వెయిటింగ్ మామూలే, ఆ లోపు కంపెనీ పాలసీ కాస్తుంది.

నాన్నగారికి కూడా దరఖాస్తు చేయండి, స్టెంట్ సంగతి దాచకుండా. ఏజెంట్ "రాయకపోయినా పర్లేదు సార్" అంటే ఆ ఏజెంట్‌ను మార్చండి. ఆసుపత్రి పాత రికార్డు బయటపడిన రోజు క్లెయిమే కాదు, పాలసీ కూడా పోతుంది. అదనపు ప్రీమియంతో ఒప్పుకుంటే, మీ జీతం మోయగలిగితే తీసుకోండి. కాదన్నారంటే, 92,000లో మిగిలిన 24,000ను నెలకు 2,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. కో-పే వచ్చినప్పుడు అప్పు చేయక్కర్లేదు.

పన్ను సంగతి క్లుప్తంగా చెప్తాను. సీనియర్ సిటిజన్ తల్లిదండ్రుల ప్రీమియానికి 80డి కింద 50,000 దాకా మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉంటే ఆ లెక్క మర్చిపోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, గ్రూప్ పాలసీల మీద ఉంది. కంపెనీ చెప్పిన 38,000 పన్నుతో కలిపా, కాకుండానా అని అదే మెయిల్‌లో అడిగేయండి.