గుమ్మం దగ్గర నాకో కుర్చీ వెయ్యి

చి.ల.సౌ. స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

21వ రోజున బారసాల అని, ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌కే అరవై మందిని పిలుస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషించానో అంత దడ పుట్టింది. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పాపను ముట్టుకోనివ్వాలి, ముద్దులు పెట్టనివ్వకూడదు. ఇవి నీకు తెలిసినవే. నా భయమంతా "కొంచెం జలుబే, పర్లేదు" అనే మనిషి గురించి.

1994లో మేం గాజువాకలో ఉండేవాళ్లం. మీ అన్నయ్యకు అప్పటికి 18 రోజులు. శ్రీకాకుళం నుంచి మీ పెదనాన్న వైపు పెద్దాయన ఒకరు చూడ్డానికొచ్చారు. ముక్కు తుడుచుకున్న చేతులే చాచారు. అంత దూరం నుంచి వచ్చినాయనకి వద్దని ఎలా చెప్పేది? ఒళ్లో పెట్టేశాను.

నాలుగో రోజుకి వాడి ముక్కు బిగిసింది. పసివాళ్లు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కదా, రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసి ఏడ్చేవాడు. నేనేమో సాంబ్రాణి పొగ వేశాను. ఆ పొగ ఊపిరితిత్తులకి ఇంకా చేటని అప్పుడు తెలీదు. రాత్రికి ఏడుపు ఆగింది. ఒళ్లు వేడిగా కూడా లేదు, తగ్గిందనుకున్నాను. పక్కింటి నర్సమ్మ వచ్చి చొక్కా ఎత్తి చూపించింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెడితే 68 సార్లు. వాణ్ణి ఐదు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఆ ఐదు రాత్రులూ నేను ఆ ఒక్క మాట అనలేకపోయినందుకే ఏడ్చాను.

అందుకే చెబుతున్నా, ఆ రోజు నీకు బంధువుల్లో పేరు పోయినా ఫర్వాలేదు. జలుబు, దగ్గు, గొంతునొప్పి ఉన్నవాళ్లు పూర్తిగా తగ్గాకే రమ్మని ముందురోజే అందరికీ మెసేజ్ పెట్టు. బడికెళ్లే పిల్లలు దూరం నుంచే చూస్తారు. పేరు పెట్టడం అవగానే పాపతో లోపలి గదిలోకి వెళ్లిపో, హాల్లో కిటికీలు తెరిచి ఉంచండి. నీకే జలుబు చేస్తే మాత్రం పాలు మానకు, మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వు.

ఆ తర్వాత వారం రోజులు పాప పాలు తాగే తీరు గమనించు. ఊపిరి లెక్క నిద్రలో ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం చూడు, మధ్యలో ఆపకు, పసివాళ్ల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. 60 గానీ అంతకు పైన గానీ వస్తే మరోసారి చూడు. రెండోసారీ అంతే ఉన్నా, గుంటలు పడుతున్నా, పాలు వదిలేస్తున్నా, థర్మామీటరు 100.4 చూపించినా, ఒళ్లు చల్లబడినా, ఏ వేళైనా సరే ఆసుపత్రికి వెళ్లిపో. ఇంట్లో జ్వరం చుక్కలు వేసి తెల్లారే దాకా చూడకు.

నేను ముందురోజే వస్తాను తల్లీ. గుమ్మం దగ్గర నాకో కుర్చీ, పక్కన సబ్బు, నీళ్లు పెట్టించు. ఎవరైనా నొచ్చుకుంటే పెద్దమ్మ ఒప్పుకోలేదని చెప్పు. నాకే తుమ్ములు మొదలైతే ఆ బస్సెక్కను.

మీ పెద్దమ్మ