ఆ 23 దగ్గర ఆగు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. హనుమకొండ హాస్టల్, పరీక్ష ముందు రాత్రి, కాజీపేట వైపు నుంచి రైలు కూత, అన్నీ బాగా పట్టావు గానీ అసలు చోట జారిపోయావు. "పాసవడానికి ఎన్ని మార్కులు కావాలో తెల్లవార్లూ లెక్కలేశాడు" అని ఒక్క ముక్కలో దాటేశావు. ఆ లెక్కే కదా నీ కథ, అది చదివేవాళ్ల కళ్ల ముందు జరగాలి.

మీవాడు, అదే నీ కథలో కుర్రాడు, 2019లో బీటెక్‌లో చేరాడన్నావు, అంటే జేఎన్టీయూ ఆర్18 రెగ్యులేషన్. ఇంటర్నల్స్ 25కి, ఎక్స్‌టర్నల్ 75కి, రెండూ కలిపి 40 రావాలి. మ్యాథ్స్ పేపర్ ఎం2 అనుకో. ఇంటర్నల్స్‌లో 17 వచ్చాయి, 40లోంచి 17 తీసేస్తే 23. దాన్ని నోట్‌బుక్ చివరి పేజీలో రాయించు (హాల్‌టికెట్ వెనక వద్దు, రేపు అది మాల్‌ప్రాక్టీస్ కిందికి వస్తుంది). ఇప్పుడు ఆ 23ని ఎక్కడెక్కడ నుంచి తెస్తాడో చూపించు. వాడు చదివింది మూడు యూనిట్లే. పార్ట్ ఏలో ఒక్కో యూనిట్ నుంచి ఒక రెండు మార్కులది, ఒక మూడు మార్కులది వస్తాయి, మూడు యూనిట్లకీ కలిపి 15, అందులో 9 వస్తాయనుకుంటాడు. పార్ట్ బీలో పది మార్కుల ప్రశ్నలు మూడు రాస్తాడు, స్టెప్పులకి తలా 5 వేసినా 15. మొత్తం 24. ఒక మార్కు మిగిలింది, హమ్మయ్య అని పడుకోబోతాడు.

అప్పుడు రూమ్మేట్‌తో అనిపించు: "అరేయ్, ఎక్స్‌టర్నల్‌లనే 26 రావాలె, గది రాకుంటే ఇంటర్నల్స్ ఎన్నున్నా దండుగ." నిజమే, ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం రావాలి. ఇంటర్నల్స్ 14 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకే ఆ తీసివేత సరిపోతుంది, 14 దాటితే ఎవరికైనా 26 తప్పదు. మీవాడికి రెండు మార్కులు తక్కువ. రాత్రి ఒంటిగంటకి, తెరవని ఐదో యూనిట్‌లోంచి గ్రీన్స్ థియరమ్ స్టేట్‌మెంట్ ఒక్కటి బట్టీ పడతాడు, అడిగితే రెండు మార్కులు.

ఇంకొకటి, ఇది నీ డ్రాఫ్ట్‌లోనే ఉంది, నువ్వు చూసుకోలేదు. సాయంత్రం వాడు పక్క రూముల వాళ్లందరికీ లెక్క చేసి పెట్టాడని రాశావు. ఇంటర్నల్స్ 19 ఉన్నవాడికి 21 చాలని చెప్పి ఉంటాడు కదా, వాడు ఆ ధైర్యంతో పుస్తకం మూసి పడుకుని ఉంటాడు. థియరమ్ సగంలో ఉండగా మీవాడికి అది గుర్తొస్తుంది. ఇప్పుడు లేచి వెళ్లి ఆ తలుపు కొడతాడా, ఆ రెండు మార్కులే చదువుకుంటాడా? అక్కడి నుంచి మళ్లీ రాసి పంపు.

— అన్న