లిటిల్ ఎస్‌క్యూఎల్, లిటిల్ కన్నడ

ప్రశ్న: సోమవారం బెంగళూరులో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. డిపార్ట్‌మెంట్ అందరికీ నన్ను నేను పరిచయం చేసుకుంటూ ఒక మెయిల్ పెట్టమన్నారు. నాకు ఎ, యాన్, ది ఎక్కడ పెట్టాలో, ఇన్, ఆన్, ఫ్రమ్ ఎక్కడ వాడాలో ఎప్పుడూ తప్పిపోతుంది. చదివి నవ్వుకుంటారేమోనని టెన్షన్. ఏం చూసుకోవాలి?

నవ్వేవాళ్లంటూ ఉంటే మనవాళ్లే ఉంటారండీ. పదేళ్లకు పైగా ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను, ఇంగ్లిష్ తప్పుకి ఒక తెల్లాయన నవ్వగా చూడలేదు. మన గుంటూరాయన మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పక్క టీమ్‌లో ఉన్న మన నెల్లూరాయనకి పంపిస్తాడు. కాబట్టి నవ్వుల సంగతి వదిలేయండి. నా మెయిల్ చూసి ఎవరూ నవ్వలేదు, అసలు గొడవ అక్కడే వచ్చింది.

2014లో ఒక కంపెనీ పేరోల్ డిపార్ట్‌మెంట్‌లో చేరాను. మారతహళ్లిలో పీజీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు. అరవై మంది ఉన్న గ్రూప్‌కి పరిచయ మెయిల్ పెట్టాలని హెచ్‌ఆర్ చెప్పింది. దాంట్లో మన గురించి ఒక సరదా విషయం కూడా రాయాలట. జీతాల లెక్కలు చూసుకోవడానికి వచ్చినవాడికి సరదా విషయం ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఒక్క లైను కోసం గంటసేపు తల పట్టుకుని, చివరికి క్రికెట్ అని రాశాను. అసలు చూసుకోవాల్సిన లైన్లని రెండోసారి చదవలేదు.

పాత మెయిల్ ఇప్పటికీ దాచుకున్నాను. ముఖ్యమైన ముక్క ఇది:

‘ఐ యామ్ జాయినింగ్ ఇన్ పేరోల్ డిపార్ట్‌మెంట్ యాజ్ సీనియర్ అసోసియేట్. ఐ హ్యావ్ ఎ ఎంకామ్ డిగ్రీ. ఐ యామ్ వర్కింగ్ ఇన్ ది పేరోల్ ఫ్రమ్ త్రీ ఇయర్స్. ఐ యామ్ గుడ్ ఇన్ ఎక్సెల్. ఐ నో లిటిల్ ఎస్‌క్యూఎల్ అండ్ లిటిల్ కన్నడ. ఐ లుక్ ఫార్వర్డ్ టు వర్క్ విత్ యు ఆల్.’

లెక్కపెడితే ప్రతి లైనులోనూ ఏదో ఒకటి ఉంది. అయినా పదిహేను మంది రిప్లై ఆల్ కొట్టి వెల్కమ్ చెప్పారు. బెంగళూరు ఆఫీసులో ఆ మెయిల్ చదివినవాళ్లంతా తెలుగు, తమిళం, కన్నడం, హిందీ మాట్లాడేవాళ్లే. ఈ నాలుగు భాషల్లోనూ ‘ది’ లాంటి మాట లేదు. రాసినవాడు ఏమనుకుని రాశాడో చదివినవాడు కూడా అదే అనుకుని చదివేస్తాడు. కానీ మా పెద్ద మేనేజర్ ఉండేది మాంచెస్టర్‌లో. ఆయన మాత్రం నేను ఏం రాశానో అదే చదివాడు.

మూడు వారాలు గడిచాయి. నాతోపాటు చేరిన అబ్బాయికి రిపోర్టుల పని ఇచ్చారు. నాకేమో పేస్లిప్పుల పీడీఎఫ్‌లు తెరిచి, పేరూ అకౌంట్ నంబరూ సరిచూసే పని. పాత కంపెనీలో పధ్నాలుగు వందల మంది హాజరు టేబుల్‌నీ జీతాల టేబుల్‌నీ ఎస్‌క్యూఎల్‌తో ఉద్యోగి నంబరు మీద కలిపి, ఎవరికి సెలవు కోత పడలేదో, ఎవరికి రెండుసార్లు పడిందో ప్రతి నెలా 27న తేల్చి ఇచ్చినవాణ్ని నేను. ఇక్కడ కళ్లతో నంబర్లు పోల్చుకుంటూ కూర్చున్నాను. అడగడానికి మొహమాటం. కొత్తవాళ్లకి ఇలాగే ఇస్తారు కాబోలనుకున్నాను.

ఒకరోజు కాల్‌లో రిపోర్టు ఒకటి ఆగిపోయింది. నేను చూస్తాను అన్నాను. మాంచెస్టర్ ఆయన చాలా మర్యాదగా, ఎస్‌క్యూఎల్ నీ విషయం కాదని మాకు తెలుసు, ఒత్తిడి పెట్టుకోవద్దు అన్నాడు. నేను మ్యూట్‌లో ఉండిపోయాను.

కాల్ అయ్యాక మా లీడ్ నా సీటు దగ్గరికొచ్చింది. అనంతపురం ఆవిడ. ‘‘ఏమప్పా, నీకు ఎస్‌క్యూఎల్ వస్తుందా, రాదా?’’

‘‘వస్తుంది మేడమ్. మరీ గొప్పగా కాదు గానీ, కొంచెం వస్తుంది.’’

‘‘మరి కొంచెమే వస్తుందని ఎందుకు రాసినావు?’’

అప్పుడు నా మెయిల్ తెరిచి ‘లిటిల్’ మీద వేలు పెట్టింది. ‘ఎ లిటిల్’ అంటే కొంచెం వచ్చు. ఉత్త ‘లిటిల్’ అంటే కొంచెమే వచ్చు, అంటే దాదాపు రానట్టే. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నాయి. ‘ఫ్యూ’ అంటే కొన్నే, లెక్కలోకి రానన్ని. మన భాషలో ‘కొంచెం’కి ఏకారం తగిలిస్తే తక్కువైపోతుంది. వాళ్లకి ముందున్న ఆ ఒక్క అక్షరం ఎత్తేస్తే తక్కువైపోతుంది. ఈ తేడా మనకి తెలియనిదేం కాదు. రోజూ నోటితో చేసేదే, కాకపోతే వాళ్లు పదానికి ముందు చేస్తారు, మనం తర్వాత చేస్తాం. ఏ గ్రామర్ పుస్తకమూ నాకు ఇలా చెప్పలేదు. కోచింగ్ సెంటర్లో ఆర్టికల్స్ అని నెల రోజులు చెప్పారు, సూర్యుడికి ‘ది’, చంద్రుడికి ‘ది’, గంగానదికి ‘ది’. నా ఉద్యోగంలో ఇంతవరకు ఒక్క మెయిల్‌లో కూడా గంగానది రాలేదు.

కాబట్టి మీ మెయిల్‌లో మొదట వెతకాల్సినవి ఈ రెండు మాటలు. లిటిల్, ఫ్యూ ఎక్కడున్నా తెలుగులో చెప్పుకుని చూడండి. నోటికి ‘కొంచెం’, ‘కొన్ని’ వస్తే ముందు ‘ఎ’ ఉండాలి. ‘కొన్నేళ్ల అనుభవం ఉంది’ అనబోయి ‘ఐ హ్యావ్ ఫ్యూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాసేవాళ్లని ఇప్పటికీ చూస్తుంటాను, వాళ్ల తరఫున నాకు భయం వేస్తుంది. స్పెల్లింగ్ చూసే ఎర్రగీత ఇక్కడ పడదు, ఎందుకంటే స్పెల్లింగ్ తప్పేమీ లేదు.

రెండోది ‘ఫ్రమ్’. మనకి ‘నుంచి’ ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది. ఒంగోలు నుంచి వచ్చాను, 2011 నుంచి చేస్తున్నాను, మూడేళ్ల నుంచి చేస్తున్నాను. ఇంగ్లిష్‌లో ఒంగోలుకి ‘ఫ్రమ్’, మొదలైన సంవత్సరానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. క్రియ కూడా మారుతుంది. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ పేరోల్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. ‘ఐ యామ్ వర్కింగ్ ఫ్రమ్ మండే’ అంటే రాబోయే సోమవారం నుంచి అని వాళ్లకి వినిపిస్తుంది. మూడేళ్ల దగ్గర ‘ఫ్రమ్’ రాస్తే అపార్థం రాదు, తప్పని మాత్రం తెలిసిపోతుంది. సంవత్సరం వేసి, ‘ఐ యామ్ వర్కింగ్ ఫ్రమ్ 2011’ అన్నా పట్టేస్తారు. ఏది ఎంత ప్రమాదమో తెలియాలని రెండూ చెప్తున్నాను. నన్నడిగితే లిటిల్‌కి పది మార్కులు, ఫ్రమ్‌కి మూడు.

మిగతావి అరమార్కువి. ‘డిపార్ట్‌మెంట్‌లో చేరాను’ అని మనసులో ఉంటుంది కాబట్టి ‘జాయినింగ్ ఇన్’ అని వచ్చేస్తుంది. ‘జాయిన్’ తర్వాత ఆ ‘ఇన్’ అక్కర్లేదు, ‘జాయినింగ్ ది పేరోల్ డిపార్ట్‌మెంట్’ చాలు. ‘గురించి చర్చించాం’ అనుకుని ‘డిస్కస్ అబౌట్’ రాయడం కూడా ఇదే జాతి. ‘ఎక్సెల్‌లో’ అన్నప్పుడల్లా ‘ఇన్’ వస్తుంది గానీ ‘గుడ్’ పక్కన ‘ఎట్’ ఉండాలి. పేరోల్ అనేది రంగం పేరు కాబట్టి అక్కడ నేను పెట్టిన ‘ది’ దండగ. ‘యాజ్ సీనియర్ అసోసియేట్’ ముందు ‘ఎ’ పెడితే మంచిది, పెట్టకపోతే మునిగేదేం లేదు. అక్కడ ‘ది’ మాత్రం పెట్టకండి. డిపార్ట్‌మెంట్ మొత్తానికి సీనియర్ అసోసియేట్ మీరొక్కరే అన్నట్టు ఉంటుంది, అప్పటికే అక్కడున్న నలుగురు సీనియర్ అసోసియేట్లకి కాలుతుంది. చివరి లైన్లో ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘వర్క్’ కాదు, ‘వర్కింగ్’. మెయిల్‌ని ఎవరూ పూర్తిగా చదవరు, మొదటి లైనూ చివరి లైనూ చూస్తారు, కాబట్టి ఇది కనిపిస్తుంది.

ఎంకామ్ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఎ, ఇ, ఐ, ఓ, యు ముందు యాన్ అని మనకి నేర్పారు. నిజానికి అది అక్షరాన్ని బట్టి కాదు, నోట్లోంచి వచ్చే శబ్దాన్ని బట్టి. ‘ఎం’ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్ ఎంకామ్’. యూనివర్సిటీ ‘యూ’ అని య శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మన ఇళ్లల్లో ‘ఎం’ అనేదెవరు? మా నాన్న ‘యంకామ్’ అంటాడు, మా ఊరి బోర్డు మీద డాక్టరుగారు ‘యం.బి.బి.యస్’. ఎక్కడ అనే మాటని యెక్కడ అని పలికే నోరు మనది. ‘యం’ అని పలికేవాడు ‘ఎ యంకామ్’ అని రాయడమే సబబు కదా! శబ్దాన్ని బట్టే రాశాను, కాకపోతే మా నాన్న శబ్దాన్ని బట్టి రాశాను. ఈ వాదన మా లీడ్ దగ్గర పెడితే ‘‘అట్లయితే మీ నాయన్నే జాయిన్ చేయించు’’ అంది. ఎస్‌క్యూఎల్‌కి అయితే ఏం రాసినా తప్పు పట్టలేరు. అక్షరాలు విడిగా పలికేవాళ్లు ‘యాన్’ పెడతారు, ‘సీక్వెల్’ అని పలికేవాళ్లు ‘ఎ’ పెడతారు.

ఆ సాయంత్రమే మాంచెస్టర్ ఆయనకి రెండు లైన్ల మెయిల్ పెట్టాను. మూడేళ్లుగా ఎస్‌క్యూఎల్‌తో పని చేస్తున్నానని, ఆగిపోయిన రిపోర్టు పంపితే చూస్తానని. ‘ఫర్’ పెట్టానో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. మర్నాడు రిపోర్టు వచ్చింది. రెండు టేబుళ్లని పేరు మీద కలిపారు, ఒకే పేరున్న ఇద్దరికి నాలుగు వరసలు వస్తున్నాయి. పేరు తీసి ఉద్యోగి నంబరు పెట్టాను, సరిపోయింది. పీడీఎఫ్‌ల పని అక్కడితో పోయింది.

ఆ మెయిల్ మొత్తంలో ఇప్పటికీ దిద్దక్కర్లేనిది ఒక్కటే ఉంది. కూరగాయలావిడ ఏదో అంటే ‘స్వల్ప స్వల్ప’ అని చెయ్యి ఊపి తప్పించుకుంటాను. ఇన్నేళ్లయినా నాకొచ్చేది లిటిల్ కన్నడే.