తోబుట్టువుల కలయిక: గది ఎవరి ఖర్చుతో వారికి, భోజనం మాత్రం ఉమ్మడిగా

ప్రశ్న: నేను కావలిలో అమ్మతో ఉంటాను. అన్నయ్య డల్లాస్‌లో, చెల్లెలు కువైట్‌లో ఉన్నారు. ముగ్గురం కలిసి చాలా ఏళ్లయింది. ఈ డిసెంబరు చివర్లో వారం రోజులు కుటుంబాలతో కలవాలని అనుకుంటున్నాం. అందరూ ఇంట్లోనే ఉండాలని అమ్మ అంటోంది. వదినకు విడిగా గది కావాలి. ఖర్చంతా తానే పెడతానని అన్నయ్య అంటున్నాడు, చెల్లెలికి అది ఇబ్బందిగా ఉంది. ఖర్చులు ఎలా పంచుకోవాలి?

జవాబు: ముందుగా ఖర్చులను ఉమ్మడివి, సొంతవి అని విడదీయండి. విమాన టిక్కెట్లు, పడుకునే గదులు ఎవరివి వారే భరించాలి. భోజనాలు, తిరగడానికి బండి, బంధువులను పిలిచే రోజు మాత్రం ఉమ్మడి ఖాతాలోకి రావాలి. గది సొంత డబ్బుతో తీసుకున్నప్పుడు, ఎవరు ఎప్పుడు లేచారు, మధ్యాహ్నం ఎందుకు తలుపు వేసుకున్నారు అని ఎవరూ అడగరు.

మీ వదిన గారి కోరికను అలకగా తీసుకోకండి. డిసెంబరులో డల్లాస్ సమయం మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, వారికి మన రాత్రి దాదాపు పగలే. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి, సాయంత్రం ఐదింటికి నిద్రలో తూలిపోతారు. ఒకే ఇంట్లో ఇంతమంది ఉంటే, ఆ నిద్రలేమి ముందుగా మీ అమ్మగారి మీద, ఆ తర్వాత వంటగదిలో ఉన్న వారి మీద పడుతుంది. అందువల్ల కావలిలోనే మీ ఇంటికి దగ్గరగా మంచి లాడ్జిలో రెండు గదులు తీసుకుని, రాత్రి నిద్ర అక్కడ, ఉదయం టిఫిను నుంచి రాత్రి భోజనం దాకా అమ్మ దగ్గర అన్న ఏర్పాటు చేయండి. అమ్మగారికి కూడా, పగలంతా పిల్లలు తన దగ్గరే ఉంటారని ముందే చెప్పండి.

లెక్క ఇలా వేద్దాం. గది అద్దె రోజుకు 3,500 అనుకుంటే ఆరు రాత్రులకు 21,000, దాని మీద 5 శాతం జీఎస్టీతో 22,050 రూపాయలు ఒక్కో కుటుంబానికి అవుతుంది. రోజు అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతానికి పెరుగుతుంది కాబట్టి, ఆ హద్దు లోపలే గది చూసుకోవడం మేలు.

ఉమ్మడి ఖాతాలో మొదట రాసుకోవలసింది వంటమనిషి. మీ ఇంట్లో కలుస్తున్నారంటే, ఆ వారమంతా మీ భార్య వంటగదిలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఆవిడకు అది సెలవు కాదు, తోబుట్టువుల కలయికలో మీ ఇంటికి భాగమూ మిగలదు. వంటమనిషి కూలి, సరుకులతో రోజుకు 5,000 చొప్పున ఏడు రోజులకు 35,000 పెట్టండి. చుట్టుపక్కల ఊళ్ల బంధువులు రోజూ విడివిడిగా వస్తే మీ ముగ్గురికీ మాట్లాడుకునే సమయం దొరకదు కాబట్టి, అందరినీ ఒకే రోజు భోజనానికి పిలిచి, నలభై మందికి 10,000 కేటాయించండి. మైపాడు తీరానికి ఒక రోజు, పెంచలకోనకు ఒక రోజు టెంపో ట్రావెలర్‌కు 18,000. ఇంకో 12,000 చేతిలో ఉంచుకోండి. మొత్తం 75,000.

ఇందులో అన్నయ్య 35,000, మీరు 20,000, చెల్లెలు 20,000 వేసుకోవచ్చు. అన్నయ్య ఎక్కువ వేసినా మొత్తం ఆయనదే కాదు, అందువల్ల ఏ రోజు ఎక్కడికి వెళ్లాలన్నది ముగ్గురూ కలిసి నిర్ణయించగలుగుతారు. ఖర్చంతా ఒక్కరే పెట్టిన చోట మిగతావారు కాదనవలసిన చోటా కాదనలేరు, ఆ మొహమాటమే తర్వాత దూరంగా మారుతుంది. చెల్లెలికి గది అద్దె భారమైతే, ఆయన ఆ సొమ్ము ఆమెకు విడిగా, ముందే పంపాలి; అందరి లెక్కలో అది కనిపించకూడదు.

వాటాలు రూపాయల్లోనే ఖరారు చేసుకోండి. డాలరు, దినార్ మారకంలో తేడా వస్తే పంపినవారే భరించాలి. సొమ్ము మీ ఖాతాలోకి వచ్చినా, తోబుట్టువులు ఇచ్చే కానుకకు పరిమితి లేకుండా ఆదాయపు పన్ను ఉండదు. అయినా జీతం పడే ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచి, ప్రతి ఖర్చు బిల్లునూ ముగ్గురి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

టిక్కెట్లు, గదులు తీసుకునే ముందు రద్దు నిబంధనలు తప్పక చూడండి. డిసెంబరులో మన తీరానికి తుపాను ముప్పు ఉంటుంది; 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు రద్దు చేసుకున్నా డబ్బు తిరిగిచ్చే గదికి కొంచెం ఎక్కువ పెట్టినా ఫరవాలేదు. మైపాడు ప్రయాణాన్ని వారం చివరికి ఉంచుకుంటే, వాతావరణాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఆస్తి మాట ఏదైనా ఉంటే, బంధువుల భోజనం రోజు కాకుండా, ముగ్గురే కూర్చునే ఒక ఉదయానికి ముందే నిర్ణయించుకోండి.

చివర్లో మిగిలిన సొమ్మును 35, 20, 20 నిష్పత్తిలోనే తిరిగి పంపించి, లెక్క ఆ వారంలోనే ముగించండి.